రెడ్మీ 9 కవరు ఏ ఫోనుకు? ప్రకటనలో మోడల్‌ను రాయవలసిన తీరు

ప్రశ్న: “మాది గుణుపూర్‌లో చిన్న మొబైల్ సామాన్ల దుకాణం. కవర్లు, గ్లాసులు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం, వాట్సాప్‌లో కూడా ఆర్డర్లు తీసుకుంటున్నాం. ‘రెడ్మీ 9 కవర్’ అని స్పష్టంగా రాసి, రెడ్మీ 9 ప్యాకెట్టే పంపినా కొందరు సరిపోలేదని తిప్పి పంపేస్తున్నారు. మోడల్ పేరు రాసినా ఇలా ఎందుకు అవుతోంది? ఇంకేం రాయాలి?”

మోడల్ పేరు రాయడం తప్పు కాదు గానీ, అది ఒక్కటే రాసి ఊరుకోవడం వల్లనే మీకు సరుకు తిరిగి వస్తోంది. ప్రతి ప్రకటనలోనూ నాలుగు సంగతులు ఉండాలి: మన దేశంలో ఆ ఫోనును అమ్మిన పూర్తి పేరు, ఫోను తెరపై కనిపించే మోడల్ నంబరు, కొనేవారు తమ ఫోనును తిప్పి చూసి పోల్చుకోగల ఒక గుర్తు, చివరగా ఈ కవరు ఏయే ఫోన్లకు సరిపోదు అన్న వాక్యం. ఒక ఆకారానికి ఒకే ప్రకటన ఉండాలి. నేను బరంపురంలో చాలా ఏళ్లుగా మొబైల్ కవర్ల టోకు వ్యాపారం చేస్తున్నాను, పర్లాకిమిడి, రాయగడ, పాతపట్నం దుకాణాలకు సరుకు పంపుతుంటాను. మీరు రెడ్మీ 9 పేరే ఎత్తారు కాబట్టి ఆ ఒక్క ఫోనునే పట్టుకుని వివరిస్తాను, ఎందుకంటే ఇన్ని చిక్కులు ఒకే చోట ఉన్న పేరు మన గల్లాపెట్టె ముందుకు వచ్చేవాటిలో మరొకటి లేదు.

2020 ఆగస్టులో షావోమీ మన దేశంలో మొదట రెడ్మీ 9 ప్రైమ్‌ను, అదే నెల చివరలో రెడ్మీ 9ను విడుదల చేసింది. మనం ఇక్కడ రెడ్మీ 9 ప్రైమ్ అని పిలిచే ఫోను బయటి దేశాల్లో రెడ్మీ 9 అన్న పేరుతో అమ్ముడైంది. మనం ఇక్కడ రెడ్మీ 9 అని పిలిచే ఫోనేమో బయటి దేశాల్లో రెడ్మీ 9సీగా అమ్మిన ఫోను ఆకారంలో తయారైంది. కవర్లు పోతపోసే కర్మాగారం ఒక్క భారతదేశం కోసమే పని చేయదు కాబట్టి, అది తన ప్యాకెట్టు మీద బయటి పేరే అచ్చు వేస్తుంది. అందువల్ల “రెడ్మీ 9” అని మాత్రమే అచ్చయిన ప్యాకెట్టులో ఉన్నది చాలాసార్లు మన రెడ్మీ 9 ప్రైమ్ కవరు, మన రెడ్మీ 9కు కావలసినది “రెడ్మీ 9సీ” అని రాసిన ప్యాకెట్టులో ఉంటుంది. మీరు ప్యాకెట్టు మీద పేరు చూసి నిజాయితీగానే పంపారు, కొన్నవారు తమ ఫోను పేరు నిజమే చెప్పారు, అయినా కవరు ఎక్కలేదు. కొన్ని కర్మాగారాలు “రెడ్మీ 9 ఇండియా” అని విడిగా అచ్చు వేస్తాయి, అలాంటి సరుకుతో ఇబ్బంది లేదు. మీ దుకాణంలో రెండు రకాల అచ్చూ కలిసిపోయి ఉన్నందువల్లనే కొందరికి సరిపోయి, కొందరికి సరిపోకుండా పోతున్నదని నా ఊహ.

తెర కొలత చెప్పి దీన్ని సరిచేయవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు, కానీ అది ఇక్కడ ఏమాత్రం పనికిరాదు. మన దేశంలో అమ్మిన రెడ్మీ 9, 9ఏ, 9ఐ, 9 ప్రైమ్, 9 పవర్, ఈ ఐదింటి తెరా 6.53 అంగుళాలే. అంగుళాల లెక్క తెర మూల నుంచి మూలకు ఉన్న దూరాన్ని చెబుతుందే తప్ప ఫోను ఒంటి పొడవును చెప్పదు. రెడ్మీ 9 పొడవు 164.9 మిల్లీమీటర్లు, 9 ప్రైమ్ పొడవు 163.3 మిల్లీమీటర్లు. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు కాబట్టి మెత్తటి కవరును కాస్త లాగి ఎక్కిస్తే ఎక్కినట్టే అనిపిస్తుంది, గట్టి ప్లాస్టిక్ కవరైతే ఒక మూల పైకి లేచి ఉంటుంది. అసలు తేడా వెనక వైపున ఉంది. రెడ్మీ 9కు కెమెరా పైన ఎడమ మూలలో చదరపు గడిలో ఉంటుంది, వేలిముద్ర గుండ్రం దానికి వేరుగా, వీపు మధ్య భాగంలో ఉంటుంది. 9 ప్రైమ్‌కు కెమెరాలు పైన మధ్యలో నిలువు వరుసగా ఉండి, వేలిముద్ర గుండ్రం అదే వరుసలో కింద వస్తుంది. ఒకదాని కవరు మరొకదానికి తొడిగితే కెమెరా మూసుకుపోతుంది, ఇక చర్చకు తావే ఉండదు.

ఇంతకన్నా మాయదారి పొరపాటు రెడ్మీ 9ఏ విషయంలో జరుగుతుంది. 9ఏ, 9ఐల పొడవు వెడల్పులు మన రెడ్మీ 9వే. కవరు చక్కగా కూర్చుంటుంది, బొత్తాలు నొక్కుడుపడతాయి, ఛార్జింగ్ రంధ్రం సరిగ్గా వస్తుంది. కానీ 9ఏకు వేలిముద్ర గుర్తింపే లేదు, అందువల్ల దాని కవరుకు వెనక ఆ గుండ్రం కోసి ఉండదు, కెమెరా కోత కూడా వేరు. “మూడూ ఒకే సైజు” అని టోకు వర్తకుడు చెప్పిన మాట నిజమే గాని, సైజు ఒకటైనంత మాత్రాన కవరు ఒకటి కాదు. “రెడ్మీ 9/9ఏ/9ఐ/9సీ/ప్రైమ్” అని అన్ని పేర్లనూ శీర్షికలో గుదిగుచ్చిన ప్రకటనలు ఈ కారణంగానే అందరికన్నా ఎక్కువ సరుకును వెనక్కి తెచ్చుకుంటాయి. వెతికేవారికి ఎక్కువగా కనిపించాలన్న ఆశతో అలా పెడతారు, కనిపించిన లాభం రానుపోను కొరియర్ ఖర్చుకే పోతుంది.

పేరుతో తేలని చోట మోడల్ నంబరు తేలుస్తుంది. షావోమీ ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి About phone నొక్కితే, నేరుగానో All specs అన్న చోటనో ఆ నంబరు కనబడుతుంది. మన రెడ్మీ 9 నంబరు `M2006C3M`తో మొదలవుతుంది, రెడ్మీ 9సీ నంబరు కూడా అలాగే మొదలవుతుంది, అవి రెండూ ఒకే గూటివని అక్కడే తెలిసిపోతుంది. 9ఏ నంబరు `M2006C3L`తో మొదలవుతుంది, తేడా చివరి అక్షరంలోనే ఉన్నందున ఆ అక్షరం వరకూ చదవాలి. 9 ప్రైమ్ నంబరు `M2004J19`తో మొదలవుతుంది. ఆ తరువాత వచ్చే అక్షరాలు ఏ దేశంలో అమ్మారన్నది లాంటి తేడాలను తెలిపేవి కాబట్టి ఈ రెడ్మీ ఫోన్ల కవరు సంగతిలో వాటితో పనిలేదు, ప్రకటనలో ఈ మొదటి భాగం రాస్తే చాలు.

మన ప్రాంతంలో ఈ నంబరు అవసరం మిగతా చోట్లకన్నా ఎక్కువ. శ్రీకాకుళం వైపు నుంచీ మన గంజాం, గజపతి జిల్లాల నుంచీ గల్ఫ్‌కు పనికి వెళ్లినవారు ఇంటికి వస్తూ అక్కడ కొన్న ఫోన్లు తెచ్చి తమ్ముడికో అక్కకో ఇస్తారు. కాశీనగర్ నుంచి ఒకాయన మా దగ్గర సరుకు కొనే దుకాణదారు ద్వారా రెడ్మీ 9 కవరు అడిగారు. దుకాణదారు జాగ్రత్తపరుడు, “ఇండియా రెడ్మీ 9” అని అచ్చయిన సరైన ప్యాకెట్టే ఇచ్చారు. అది ఎక్కలేదు. ఫోను పెట్టె తెప్పించి చూస్తే దాని మీద కూడా రెడ్మీ 9 అనే ఉంది. ఆయన, “బాబూ, పెట్టె మీదా ఇదే పేరు, ఫోనులోనూ ఇదే పేరు, మీ కవరు మీదా ఇదే పేరు, మరి ఎందుకు ఎక్కదు?” అని అడిగితే దుకాణదారుకు జవాబు తోచక నాకు ఫోన్ చేశారు. సెట్టింగ్స్‌లో నంబరు చదవమంటే `M2004J19` అని వచ్చింది. అది ఆయన అన్నగారు గల్ఫ్‌లో కొన్న ఫోను, అక్కడి రెడ్మీ 9, అంటే మన 9 ప్రైమ్ ఒళ్లు. 9 ప్రైమ్ కవరు ఇచ్చాక సరిపోయింది. ఇలాంటి చోట “భారతదేశంలో అమ్మిన” అన్న మాట ప్రకటనలో ఉండడం మంచిదే గానీ, ఫోను ఎక్కడ కొన్నదో వాడేవారికే తెలియకపోవచ్చు కాబట్టి ఆ మాట పక్కనే నంబరు కూడా ఉండి తీరాలి.

ఇవన్నీ కలిపి రెడ్మీ 9 కవరుకు మేము దుకాణాలకు ఇచ్చే వివరణ ఇలా ఉంటుంది:

> “భారతదేశంలో అమ్మిన రెడ్మీ 9 ఫోనుకు వెనక కవరు. సెట్టింగ్స్‌లో About phone తెరిచి చూడండి, మోడల్ నంబరు `M2006C3M`తో మొదలవ్వాలి. ఫోను వీపు మీకు ఎదురుగా పెట్టుకుని చూసినప్పుడు కెమెరా పైన ఎడమ మూలలో చదరపు గడిలో, వేలిముద్ర గుండ్రం వీపు మధ్య భాగంలో ఉండాలి. రెడ్మీ 9 ప్రైమ్, 9ఏ, 9ఐ, 9 పవర్ ఫోన్లకు ఈ కవరు సరిపోదు. విదేశంలో కొన్న రెడ్మీ 9 అయితే ఆర్డర్ పెట్టే ముందు నంబరు మాకు పంపండి.”

శీర్షికలో మాత్రం ఫోను పేరును ఇంగ్లీషు అక్షరాలతో, పెట్టె మీద ఉన్నట్టే పెట్టండి, ఎందుకంటే కొనేవారు తెలుగువారైనా ఒడియావారైనా వెతకడానికి ఆ అక్షరాలే కొడతారు. అమ్మకపు యాప్‌లలో “ఏ ఫోనుకు సరిపోతుంది” అని విడిగా ఒక గడి ఉంటుంది. అందులో శీర్షికలో రాసిన ఫోను పేరే ఉండాలి. చాలామంది శీర్షికను జాగ్రత్తగా రాసి, ఆ గడిని పాత ప్రకటన నుంచి నకలు చేసి వదిలేస్తారు. యాప్ ఆ గడిని చూసి 9 ప్రైమ్ వారికి కూడా మీ కవరును చూపిస్తుంది.

“వీపు మీకు ఎదురుగా పెట్టుకుని” అన్న ముక్కను ఎవరైనా అనవసరం అనుకుంటే వారికి ఈ వ్యాపారం కొత్త అని అర్థం. తెర వైపు నుంచి ఫోను పట్టుకున్నవారికి వెనక కెమెరా కుడివైపు ఉన్నట్టు అనిపిస్తుంది, వారు “మాది కుడివైపు కెమెరా” అని రాసి పంపుతారు. అలాగే ఫోటో సంగతి: చాలా ప్రకటనల్లో టోకు వర్తకుడు పంపిన రంగురంగుల బొమ్మనే పెడతారు, అందులో కవరు వేరే ఏదో ఫోనుకు తొడిగి ఉంటుంది. దాని బదులు ఖాళీ కవరును తెల్ల కాగితం మీద బోర్లా పెట్టి, కోసిన రంధ్రాలు స్పష్టంగా కనిపించేలా పైనుంచి తీసిన ఒక్క ఫోటో మొదట పెట్టండి. మన వివరణ ఒక్క ముక్క చదవకపోయినా ఆ రంధ్రాలను తన ఫోను వీపుతో పోల్చుకోని మనిషి అరుదు.

ఇక రెండు పేర్లు ఒకే ప్రకటనలో ఎప్పుడు రాయవచ్చు అన్నది మీరు అడగకపోయినా తప్పక ఎదురయ్యే ప్రశ్న. రెడ్మీ నోట్ 10, నోట్ 10ఎస్ రెండింటి ఒళ్లూ ఒకే కొలత, కవరు రెండింటికీ వస్తుంది, కలిపి రాయవచ్చు. కానీ అదే వరుసలో ఉన్నట్టు కనిపించే నోట్ 10 లైట్‌ను అందులో చేర్చకూడదు. అది 2021లో మన దేశంలో కొత్త పేరుతో మళ్లీ వచ్చిన నోట్ 9 ప్రో, పొడవులో నోట్ 10కన్నా ఐదు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ. దానికి నోట్ 9 ప్రో కవరు ఇవ్వాలి, ప్రకటనలో కూడా “నోట్ 9 ప్రో, నోట్ 10 లైట్” అని ఆ రెండు పేర్లే జతగా ఉండాలి. సామ్‌సంగ్‌లో ఎమ్14 5జీ, ఎఫ్14 5జీ ఇలాంటి జంటే, వాటి నంబర్లు `SM-M146`, `SM-E146` అని మొదలవుతాయి. ఎఫ్14 నంబరులో `F`కు బదులు `E` అక్షరం ఉండడం చూసి కొనేవారు కంగారు పడతారు కాబట్టి రెండు నంబర్లూ రాసి పెట్టడం మంచిది.

జంటగా రాసే ముందు నేను టోకు వర్తకుడి మాట మీద ఆధారపడను, రెండు ఫోన్లకూ కవరు తొడిగి చూస్తాను. నాలుగు మూలలూ కూర్చున్నాయా అన్నది అందరూ చూస్తారు. అది చాలదు. చీకటి గదిలో ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీయాలి, కవరు అంచు ఫ్లాష్‌కు అడ్డు వస్తుంటే ఫోటో ఒక మూల తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది. ఫోనుతో వచ్చిన ఛార్జరు పిన్నును, బజారులో దొరికే లావుపాటి తల ఉన్న పిన్నును విడివిడిగా పెట్టి చూడాలి. వేలిముద్ర పక్క బొత్తాంలో ఉన్న ఫోన్లకైతే కవరు తొడిగిన తరువాత తాళం తీసి చూడాలి, అంచు ఎత్తుగా ఉంటే వేలు పూర్తిగా ఆనక పదే పదే తిరస్కరిస్తుంది. చేతిలో ఫోను లేకపోతే రిపేరు దుకాణంలో బాగు చేయడానికి వచ్చినవాటిని అడిగి తొడిగి చూడవచ్చు, గుణుపూర్‌లాంటి ఊళ్లో అది కష్టమేమీ కాదు. తొడిగి చూడని పేరును ప్రకటనలో చేర్చకండి.

గ్లాసును కవరుతో కలిపి ఒకే ప్రకటనలో జతగా అమ్మేవారు మరో సంగతి గమనించాలి. గ్లాసు సరిపోయినంత మాత్రాన కవరు సరిపోదు, కవరు సరిపోయినంత మాత్రాన గ్లాసూ సరిపోదు. ఐఫోన్ 13కు వేసే గ్లాసు 13 ప్రోకు కూడా వస్తుంది, ముందు భాగం ఒకటే కాబట్టి. కవరు మాత్రం రాదు, ప్రో కెమెరా గడి పెద్దది. జతగా అమ్మదలిస్తే రెండింటికీ సరిపోయే పేర్లు మాత్రమే రాయాలి, లేదా విడదీసి అమ్మాలి. ఛార్జింగ్ తీగ విషయంలోనూ రెడ్మీ 9 మళ్లీ మోసం చేస్తుంది: మన రెడ్మీ 9కు పాత మైక్రో యూఎస్‌బీ పిన్ను, 9 ప్రైమ్‌కు టైప్-సీ పిన్ను. తీగకు “రెడ్మీ 9 వరుసకు” అని ఎప్పుడూ రాయవద్దు, పిన్ను పేరు, పిన్ను మొన ఫోటో ఉంటే చాలు, అక్కడ ఫోను పేరే అక్కర్లేదు.

వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవారికి ప్రకటన చదివే అలవాటు ఉండదు, “అన్నా, రెడ్మీ 9 కవర్ ఒకటి పంపు” అన్న గొంతు సందేశం వస్తుంది, అంతే. వారికి రెండు అడగండి: పాత కవరు తీసేసి వెలుతురులో తీసిన ఫోను వీపు ఫోటో, About phone తెర ఫోటో. మీ దగ్గరకు ఒడియాలో, తెలుగులో, సవరలో మాట్లాడేవారు వస్తారు కాబట్టి ఈ మాటను గొంతు సందేశంగా మూడు భాషల్లో ముందే చెప్పి దాచుకుంటే ప్రతిసారీ చెప్పనక్కర్లేదు. తెర ఫోటోలో ఐఎమ్‌ఈఐ నంబరు కూడా కనిపించే ఫోన్లు ఉంటాయి, దాన్ని చెరిపి పంపమనండి, పంపినవి మీరు దాచకండి. కొందరు దుకాణదారులు `*#06#` కొట్టి వచ్చిన ఐఎమ్‌ఈఐ నంబరు పంపమంటారు, కానీ ఆ నంబరు చూసినంత మాత్రాన కవరు ఏదో చెప్పలేం, అది అడగవలసిన పనేలేదు. పెట్టె ఫోటోను కూడా ఒక్కదాన్నే నమ్మవద్దు, పాత ఫోను కొన్నవారికి వేరే ఫోను పెట్టె అంటగట్టడం మామూలే.

ఇంత రాసినా కొన్ని తిరిగి వస్తాయి. ప్రకటనలో చెప్పిన ఫోనుకు కవరు ఎక్కకపోతే “తెరిచిన ప్యాకెట్టు తీసుకోం” అని చెప్పే హక్కు మనకు లేదు. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును అమ్మినవారు వెనక్కి తీసుకోవాల్సిందే. “9 ప్రైమ్‌కు సరిపోదు” అన్న వాక్యం స్పష్టంగా ఉండగా 9 ప్రైమ్ ఉన్నవారు కొంటే మీ మాటకు ఆధారం ఉంటుంది, కానీ నేనైతే ముప్పై రూపాయల సరుకు కోసం ఆ వాదనకు దిగను, మార్చి ఇస్తాను.

మీరు ఈ వారమే చేయదగిన పని ఒకటుంది. దుకాణంలో “రెడ్మీ 9” అని అచ్చయిన ప్యాకెట్లన్నీ బయటికి తీసి, ఒక్కోదాని రంధ్రాలు చూసి మూడు కుప్పలుగా వేరు చేయండి: మూలన చదరపు కోత, వీపు మధ్యలో గుండ్రం ఉన్నవి ఒకటి, మధ్యలో నిలువు కోత ఉన్నవి రెండవది, గుండ్రమే లేనివి మూడవది. మొదటి కుప్ప మీద మార్కర్‌తో `M2006C3M`, రెండవదాని మీద `M2004J19`, మూడవదాని మీద `M2006C3L` అని రాసి, అచ్చు పేరును కొట్టివేయండి. మూడవ కుప్పలో పక్క బొత్తాంలో వేలిముద్ర ఉండే రెడ్మీ 9 పవర్ కవర్లు కలిసి ఉండవచ్చు, వాటికి పక్కన కోత, వెనక నాలుగు కెమెరాలకు చోటు ఉంటాయి కాబట్టి చూడగానే విడిపోతాయి. ప్యాకెట్టు కట్టే కుర్రవాడు ఆ తరువాత ఫోను పేరు చూడనక్కర్లేదు, ఆర్డర్‌లో ఉన్న నంబరునూ ప్యాకెట్టు మీది నంబరునూ కలిపి చూస్తే సరిపోతుంది.